రిపేర్ల పద్దులో దాగిన మిషను: పన్ను అధికారికి ఒక అకౌంటెంటు లేఖ

ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు 2024-25 బ్యాలెన్స్ షీటును పన్ను అధికారి తెరిచారు. మిషనరీ ఖాతాలో నికరంగా 3,40,000 రూపాయలు కొత్తగా చేరాయి. కానీ ఆ ఏడాది మిషను కొన్న బిల్లు లేదు, బ్యాంకులోంచి అంత డబ్బు పోయిన జాడా లేదు. ఇటు చూస్తే యజమాని మూలధనం కూడా సరిగ్గా అంతే పెరిగింది. ఆ పెరుగుదలకు తగిన ఆదాయం లాభనష్టాల ఖాతాలో ఎక్కడా కనిపించదు. ఇలాంటి లెక్క చూడగానే ఏ అధికారికైనా ఒకటే అనుమానం వస్తుంది. లెక్కలో చూపని డబ్బుతో ఎప్పుడో మిషను కొని, దాన్ని ఇప్పుడు మెల్లగా పుస్తకాల్లోకి ఎక్కిస్తున్నారని.

నిజానికి ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. అంతకుముందు ఏడాది తప్పుగా ఖర్చు కింద చూపిన మొత్తాన్ని ఆ అకౌంటెంటు సరిదిద్దాడు. అంటే యజమాని కట్టాల్సిన పన్ను పెరిగేలా రాసిన పద్దు అది. కానీ పద్దుకు నోరు లేదు. దాని తరఫున మాట్లాడాల్సింది అకౌంటెంటు రాసే లేఖే. ఆ లేఖలో ఏముండాలి, ఏముండకూడదు అన్నది ఈ వ్యాసం. ప్రెస్సు కథ ఉదాహరణ కోసం కల్పించుకున్నది. చట్టం, సెక్షన్లు, రేట్లు మాత్రం అసలైనవే.

ముందు తప్పు ఎలా జరిగిందో చూద్దాం. ప్రెస్సు యజమానికి ఏడాదికి 80 లక్షల దాకా టర్నోవరు ఉంది. 2023 మేలో ఆయన ఒక సెకండ్ హ్యాండ్ సింగిల్ కలర్ ఆఫ్‌సెట్ మిషను 4,00,000 రూపాయలకు కొన్నారు. అమ్మింది ఏళ్ల తరబడి ఆ ప్రెస్సులో రిపేర్లు చేస్తున్న మెకానిక్కే. అతను పాత మిషన్లు కొని, బాగుచేసి అమ్ముతుంటాడు కూడా. డబ్బు రెండు దఫాలుగా ఆర్టీజీఎస్‌లో వెళ్లింది. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని పద్దులు కొట్టిన కుర్రాడికి మెకానిక్ పేరు కనిపించింది. ఆ పేరుతో వెళ్లిన డబ్బు ఎప్పుడూ ‘మిషన్ రిపేర్స్’ ఖాతాకే పోతుంది కాబట్టి ఈ నాలుగు లక్షలూ అక్కడికే పోయాయి. చిన్న వ్యాపారాల్లో ఇలాంటి తప్పులు ఎక్కువగా ఇలాగే పుడతాయి. పద్దు కొట్టేవాళ్లు డబ్బు ఎవరికి వెళ్లిందన్నది చూస్తారు గానీ, ఎందుకు వెళ్లిందన్నది అడగరు.

రిపేరుకూ మిషనుకూ పన్ను చట్టంలో చాలా తేడా ఉంది. రిపేరు ఖర్చును ఆ ఏడాది లాభంలోంచి మొత్తం తీసేయొచ్చు. మిషను అలా కాదు, అది ఏళ్ల తరబడి పనిచేసే ఆస్తి. దాని ఖరీదులో ఏటా కొంత వంతునే తరుగుదల కింద తీసుకోవాలి. మామూలు మిషనరీకి ఆ రేటు 15 శాతం, అదీ ఏటా తగ్గుతూ వచ్చే నిల్వ మీద. ఏడాదిలో 180 రోజులకంటే తక్కువ వాడితే అందులో సగమే వస్తుంది. మన మిషను మే నుంచే నడుస్తోంది కాబట్టి పూర్తి 15 శాతం, అంటే 60,000 వస్తుంది. తీసుకోవాల్సింది 60 వేలు, తీసుకున్నది 4 లక్షలు. తేడా 3,40,000. ఆ మేరకు 2023-24 లాభం తక్కువగా కనిపించింది. 31 మార్చి 2024 నాటికి పుస్తకాల్లో ఉండాల్సిన మిషను విలువ కూడా సరిగ్గా అంతే. ఈ 3,40,000 అన్న అంకెను గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా దాని వెంటే నడుస్తుంది.

తప్పు బయటపడింది 2025 జూన్‌లో. ఓవర్‌డ్రాఫ్టు రెన్యువల్ కోసం బ్యాంకు వాళ్లు మిషన్ల జాబితా అడిగారు. అకౌంటెంటు షెడ్డులోకి వెళ్లి లెక్కపెడితే, పుస్తకాల్లో ఉన్నవాటికన్నా ఒక మిషను ఎక్కువ కనిపించింది. వెనక్కి వెళ్లి రిపేర్ల ఖాతా తీశాడు. 2022-23లో రిపేర్లు 97,000. 2024-25లో 1,12,000. మధ్యలో 2023-24లో మాత్రం 5,08,000. ఒక్క ఖాతాను మూడేళ్లకు పక్కపక్కన పెట్టి చూస్తే ఇలాంటివి దాగవు. అధికారులు చేసేదీ అదే పని. కాకపోతే వాళ్లు కంప్యూటరు చేత చేయిస్తారు.

ఇక సవరణ పద్దు. ఇక్కడే చాలామంది రెండో తప్పు చేస్తారు. ఖాతాలు ఇంకా ముగియకుండా అదే ఏడాదిలో దొరికి ఉంటే పని తేలిక. మిషనరీని డెబిట్ చేసి, రిపేర్లను క్రెడిట్ చేస్తే సరిపోయేది. కానీ 2023-24 పుస్తకాలు మూసేశారు, రిటర్ను వేసేశారు. ఆ ఏటి రిపేర్ల ఖాతా లాభనష్టాల్లో కలిసి, అక్కడి నుంచి యజమాని మూలధనంలో కలిసిపోయింది. కొత్త ఏడాది రిపేర్ల ఖాతా సున్నాతో మొదలవుతుంది. ఇప్పుడు పాత పద్ధతిలోనే రిపేర్లను నాలుగు లక్షలకు క్రెడిట్ చేస్తే, 2024-25లో నిజంగా అయిన 1,12,000 రిపేర్లు మైనస్ 2,88,000గా మారతాయి. మైనస్ రిపేర్లు ఎక్కడైనా ఉంటాయా! పైగా 2023-24 లాభం 2024-25లోకి జరిగిపోతుంది.

తప్పు ఇప్పుడు ఎక్కడ నిలిచి ఉందో అక్కడే సరిదిద్దాలి. అది నిలిచి ఉన్నది యజమాని మూలధనంలో. కాబట్టి 2024-25 పుస్తకాల్లో రాయాల్సిన పద్దు ఇది:

మిషనరీ ఖాతా, డెబిట్: 4,00,000
యజమాని మూలధన ఖాతా, క్రెడిట్: 4,00,000
(2023 మేలో కొన్న ఆఫ్‌సెట్ మిషను ఖరీదును 2023-24లో పొరపాటున ‘మిషన్ రిపేర్స్’కు రాసినందున, ఇప్పుడు సరిచేయడమైనది.)

యజమాని మూలధన ఖాతా, డెబిట్: 60,000
మిషనరీ ఖాతా, క్రెడిట్: 60,000
(పై మిషనుపై 2023-24కు రావలసిన తరుగుదల, 15 శాతం.)

నికరంగా 3,40,000కు ఒక్క పద్దు రాసినా అంకగణితం తప్పదు. అయినా రెండుగా రాయడమే మంచిదని నా అభిప్రాయం. 4,00,000 అన్న అంకె బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది, బిల్లులో ఉంది. అధికారి వెతికేది ఆ అంకె కోసమే. 3,40,000 అన్నది ఏ కాగితంలోనూ ఉండదు, లెక్క కడితేనే వస్తుంది. బ్రాకెట్లలో రాసిన వివరణను తేలిగ్గా తీసుకోకూడదు. ‘సవరణ పద్దు’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే, రెండేళ్ల తర్వాత రాసినవాడికే అది అర్థం కాదు.

పాత ఏడాది పుస్తకాలు తెరిచి, రిపేర్ల పద్దునే మార్చేసి, ఏమీ జరగనట్టు మూసేద్దామని కొందరికి అనిపిస్తుంది. సాఫ్ట్‌వేరు అందుకు ఒప్పుకోవచ్చు కూడా. కానీ 2023-24 బ్యాలెన్స్ షీటు అంకెలు రిటర్నుతో పాటు ఎప్పుడో శాఖకు చేరిపోయాయి. పుస్తకాలు మార్చితే రెండు చోట్లా రెండు కథలు ఉంటాయి. పొరపాటును సరిదిద్దబోయి, పుస్తకాలు దిద్దారన్న అనుమానం నెత్తికి తెచ్చుకున్నట్టవుతుంది.

పద్దు రాస్తే పుస్తకాలు సరి అవుతాయి, పన్ను సరి కాదు. పన్ను చట్టంలో ఏ ఏడాదికి ఆ ఏడాదే వేరు. 2023-24లో తగ్గిన ఆదాయానికి 2023-24 లెక్కలోనే పన్ను కట్టాలి. ‘ఈ ఏడాది ఆదాయంలో కలిపి చూపిస్తే పోలేదా, ప్రభుత్వానికి డబ్బేగా కావాల్సింది’ అని అడిగేవాళ్లున్నారు. అలా పోదు. కొత్త విధానంలో 2023-24కు ఉన్న స్లాబులు 2024-25కు మారాయి. 12 లక్షల ఆదాయం మీద మొదటి ఏడాది 90,000 పన్ను పడితే, రెండో ఏడాది 80,000 పడుతుంది, సెస్ వేరే. ఏడాది మారితే పన్నూ మారుతుంది, వడ్డీ లెక్కా మారుతుంది.

పాత రిటర్నును సరిదిద్దడానికి రెండు దారులున్నాయి. 2023-24 రిటర్నుకు సవరించిన రిటర్ను వేసే గడువు, 139(5) సెక్షన్ ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరంలోని డిసెంబరు 31. మన ప్రెస్సుకు అది దాటిపోయింది. మిగిలింది 139(8ఎ) కింద వేసే అప్‌డేటెడ్ రిటర్ను, అందరూ ఐటీఆర్-యు అనేది. పోర్టల్లో ‘రెక్టిఫికేషన్’ అన్న మాట చూసి అందులోకి వెళ్లేవాళ్లూ ఉన్నారు. అది 154 సెక్షన్‌కు సంబంధించినది. రికార్డులో కళ్లకు కట్టినట్టు కనిపించే పొరపాటుకే అది పనికొస్తుంది. మిషనును రిపేరుగా చూపిన సంగతి రికార్డు చూస్తే తెలిసేది కాదు.

2025 జూలైలో ప్రెస్సు తరఫున ఐటీఆర్-యు వేశారు. మొదట చూపిన ఆదాయం 8,60,000. దాని మీద సెస్‌తో కలిపి 42,640 పన్ను ముందే కట్టారు. 3,40,000 కలిపితే ఆదాయం సరిగ్గా 12 లక్షలైంది, పన్ను 93,600 అయింది. తేడా 50,960. దాని మీద వడ్డీలు పదివేల పైచిలుకు. పన్నూ వడ్డీ కలిపిన మొత్తం మీద 25 శాతం అదనపు పన్ను, అంటే 15 వేల పైచిలుకు. అంతా కలిపి 77 వేల దరిదాపుల్లో తేలింది. ఆ తర్వాతే, ఆగస్టులో, 2024-25 రిటర్ను వేశారు. ఈ వరసకు కారణం ఉంది. రిటర్నులో తరుగుదల షెడ్యూలు ఒకటి ఉంటుంది. మొదటి ఏడాది షెడ్యూలులో ముగింపు విలువ, రెండో ఏడాది షెడ్యూలులో ప్రారంభ విలువ ఒకటే కావాలి. ఐటీఆర్-యు వేయకుండా రెండో రిటర్ను వేస్తే ఆ రెండింటి మధ్య 3,40,000 ఖాళీ కనిపిస్తుంది.

అంతా సరిగ్గానే చేసినా 2024-25 రిటర్ను పరిశీలనకు ఎంపికైందనుకుందాం. 142(1) కింద నోటీసు వచ్చింది. మూలధన ఖాతాలో జమ ఎక్కడిది, మిషనరీలో చేరిక దేనిది, ఆధారాలు చూపండి అని అడిగారు. జవాబు సంతృప్తికరంగా లేకపోతే ఆ జమను వివరణ లేని ఆదాయంగా పరిగణించవచ్చు. అలాంటి ఆదాయానికి ఈ సంవత్సరానికి వర్తించే రేటు 60 శాతం. సర్‌చార్జి, సెస్ కలిస్తే 78 శాతం. 3,40,000 మీద అది 2,65,200. నిజాయితీగా సరిదిద్దిన పద్దుకు వివరణ సరిగ్గా రాయకపోతే పడే బరువు అది.

పూర్వం ఇలాంటి జవాబును ఆదాయపు పన్ను ఆఫీసుకు తీసుకెళ్లి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని, వీలైతే అధికారిని కలిసి రెండు మాటలు చెప్పి వచ్చేవాళ్లు. ఇప్పుడు అసెస్‌మెంట్లు చాలావరకు ఫేస్‌లెస్. జవాబు చదివే అధికారి ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు, ఆయనకు మన ప్రెస్సూ మన మెకానిక్కూ తెలియరు. పోర్టల్లో అప్‌లోడ్ చేసిన కాగితమే మాట్లాడాలి. మామూలుగా ఇది ఇంగ్లీషులో వెళ్తుంది. అందులోని సంగతి తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

“అసెస్‌మెంట్ అధికారి గారికి,

విషయం: 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం. 142(1) నోటీసులో మూలధన ఖాతా జమ గురించి అడిగిన ప్రశ్నకు జవాబు.

అయ్యా,

నేను పై సంస్థలో పూర్తికాల ఉద్యోగిగా అకౌంటెంటు పని చేస్తున్నాను. యజమాని ఇచ్చిన అధికార పత్రం ప్రకారం ఈ జవాబు సమర్పిస్తున్నాను. పత్రం జతపరిచాను.

31 మార్చి 2025 తేదీతో మూలధన ఖాతాలో కనిపిస్తున్న 4,00,000 రూపాయల జమ కొత్తగా వచ్చిన సొమ్ము కాదు. అది గత సంవత్సరపు పద్దును సరిచేస్తూ రాసిన జర్నల్ ఎంట్రీ. ఆ రోజున గాని, ఆ సంవత్సరంలో గాని దీని కింద నగదు గాని బ్యాంకు ద్వారా గాని ఏ సొమ్మూ రాలేదు.

2023 మే నెలలో సంస్థ ఒక పాత ఆఫ్‌సెట్ ముద్రణ యంత్రాన్ని 4,00,000 రూపాయలకు కొన్నది. సొమ్ము మొత్తం సంస్థ బ్యాంకు ఖాతా నుంచి ఆర్టీజీఎస్ ద్వారా రెండు విడతలుగా చెల్లించింది. అమ్మిన వ్యక్తే సంస్థ యంత్రాలకు మరమ్మతులు చేసేవారు కావడంతో ఆ చెల్లింపు పొరపాటున ‘మిషన్ రిపేర్స్’ ఖాతాకు నమోదైంది. ఆ కారణంగా 2023-24 లాభంలోంచి 4,00,000 ఖర్చుగా తీసివేయడం జరిగింది. నిబంధనల ప్రకారం ఆ సంవత్సరం తీసుకోవలసినది 15 శాతం తరుగుదల, అనగా 60,000 మాత్రమే. మిగిలిన 3,40,000 మేరకు ఆదాయం తక్కువగా చూపడమైనది.

2025 జూన్‌లో బ్యాంకుకు యంత్రాల జాబితా తయారు చేస్తుండగా ఈ పొరపాటు మా దృష్టికి వచ్చింది. అప్పటికి ఏ సంవత్సరానికి సంబంధించి గాని శాఖ నుంచి ఏ నోటీసూ అందలేదు. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి 2025 జూలైలో 139(8ఎ) కింద అప్‌డేటెడ్ రిటర్ను దాఖలు చేసి, 3,40,000 ఆదాయాన్ని అందులో చూపి, పన్ను, వడ్డీ, అదనపు పన్ను చెల్లించాము. రసీదు, చలానా జతపరిచాను.

2023-24 పుస్తకాలు అప్పటికే ముగిసినందున ఖాతాల్లో సవరణను 2024-25లో చేశాము. జర్నల్ వోచరు ప్రతి, అందులోని వివరణ జతపరిచాను. ఈ సవరణ వల్ల 2024-25 లాభంపై గాని, మరమ్మతుల ఖర్చుపై గాని ఏ ప్రభావమూ లేదు. యంత్రం ప్రారంభ విలువ 3,40,000పై ఈ సంవత్సరం 15 శాతం, 51,000 తరుగుదల తీసుకున్నాము. 31 మార్చి 2025 నాటి విలువ 2,89,000.

కొనుగోలు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటులోని సంబంధిత పేజీ, యంత్రం సీరియల్ నంబరు కనిపించే ఫోటో, మూడు సంవత్సరాల ‘మిషన్ రిపేర్స్’ ఖాతా ప్రతులు కూడా జతపరిచాను. పై మొత్తాన్ని 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరపు ఆదాయంలో తిరిగి చేర్చవద్దని కోరుతున్నాను.”

ఈ లేఖలో అలంకారమేమీ లేదు, ఉండకూడదు కూడా. అసలు మాట రెండో పేరాలోనే వచ్చేసింది: ఇది సొమ్ము కాదు, పద్దు. అధికారి అనుమానం ఎక్కడ మొదలైందో జవాబూ అక్కడే మొదలవ్వాలి. చాలామంది సంస్థ ఎప్పుడు పెట్టారు, యజమాని ఎంత మంచివాడు అన్నదానితో మొదలుపెడతారు. అసలు జవాబు మూడో పేజీకి గాని రాదు.

‘ఎలా జరిగింది’ అన్న వాక్యం ఇంకా ముఖ్యం. ‘క్లరికల్ మిస్టేక్’ అని రాసి ఊరుకుంటే ఎవరూ నమ్మరు, ప్రతి లేఖలోనూ ఉండే మాటే అది. అమ్మినవాడూ రిపేరు చేసేవాడూ ఒకడే కావడం వల్ల పేరు చూసి పద్దు కొట్టారని చెబితే ఆ పొరపాటు ఎలా సాధ్యమైందో కళ్లకు కడుతుంది. మూడేళ్ల రిపేర్ల ఖాతా జతచేస్తే దానికి రుజువు కూడా దొరుకుతుంది, ఎందుకంటే అంతకుముందు ఆ పేరుతో వెళ్లినవన్నీ రిపేర్లే. ఇది మాటల సంగతి మాత్రమే కాదు. ఆదాయం తక్కువ చూపినందుకు 270ఎ సెక్షన్ కింద పెనాల్టీ పన్నులో 50 శాతం. అదే పుస్తకాల్లో తప్పుడు పద్దు రాశారని, ఆధారం లేని ఖర్చు చూపారని తేలితే 200 శాతం. మన ప్రెస్సు తానుగా సరిదిద్దుకోకముందే అధికారికి దొరికిపోయి ఉంటే, మొదటి దాని కింద 25 వేల పైచిలుకు, రెండో దాని కింద లక్ష పైచిలుకు పన్నుకు తోడయ్యేవి. పొరపాటుకూ మోసానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని నిరూపించేవి బిల్లు, బ్యాంకు పేజీ, సీరియల్ నంబరు.

నిజాయితీ పొరపాటు విషయంలో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన ఒక తీర్పు అకౌంటెంట్లందరికీ పరిచయమే. ప్రపంచంలోనే పేరున్న లెక్కల సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ తన సొంత రిటర్నులోనే గ్రాట్యుటీ కోసం చేసిన కేటాయింపును ఖర్చుగా చూపింది. అది అనుమతించదగ్గది కాదని రిటర్నుతో పాటు ఇచ్చిన టాక్స్ ఆడిట్ నివేదికలో ఆ సంగతే రాసి ఉంది. అంత నైపుణ్యం ఉన్న సంస్థ ఇంత తప్పు ఎలా చేస్తుందని శాఖ పెనాల్టీ వేసింది. నైపుణ్యం ఉన్నవాళ్లూ పొరపాటు చేస్తారని, నివేదికలో దాచకుండా చెప్పినప్పుడు దాన్ని ఆదాయం దాచడం అనలేమని కోర్టు ఆ పెనాల్టీని కొట్టేసింది. అయినా ఇలాంటి తీర్పులను లేఖలో ఏకరువు పెట్టనక్కర్లేదు. పెనాల్టీ నోటీసు వస్తే అప్పుడు చెప్పుకోవచ్చు. ఇక్కడ అడిగింది జమ ఎక్కడిదని మాత్రమే.

లేఖ చేయలేని పని కూడా ఒకటుంది. ఐటీఆర్-యు వేయకుండా, ‘2023-24లో పొరపాటు జరిగింది, సరిచేసుకోండి’ అని ఉత్తరం రాసి ఊరుకుంటే రిటర్ను మారదు. అలాగే మిషనుకు రావలసిన తరుగుదలను రిటర్నులో అడగకుండా లేఖలో అడిగితే అధికారి ఇవ్వలేరు. కొత్త మినహాయింపు కోరాలంటే రిటర్ను ద్వారానే కోరాలని, ఉత్తరం మీద అధికారి దాన్ని అనుమతించలేరని గోయెట్జ్ ఇండియా కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మన లేఖ ఏదీ అడగలేదు, అప్పటికే చేసినదాన్ని చూపించింది. చివర కోరింది కూడా ఒకే మాట, అదే ఆదాయానికి రెండోసారి పన్ను వేయవద్దని.

మరో రెండు చోట్ల ఈ లేఖ తలకిందులయ్యే ప్రమాదం ఉంది. ఒకటి, నగదు. మిషను ఖరీదులో ఒక వ్యక్తికి ఒక రోజులో పదివేలు మించి నగదుగా ఇచ్చి ఉంటే ఆ మొత్తం మిషను ఖరీదులోకి రాదు, దాని మీద తరుగుదల కూడా ఉండదు. ఖరీదంతా అలా నగదుగానే ఇచ్చి ఉంటే 3,40,000 కాదు, మొత్తం 4,00,000 ఆదాయంలో కలపాల్సి వచ్చేది. రెండోది, జీఎస్టీ. మన మెకానిక్కు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ గొడవ లేదు. ఉండి, మిషను బిల్లులో జీఎస్టీ కలిసి ఉంటే, దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారో లేదో చూడాలి. తీసుకుంటే ఆ జీఎస్టీ భాగాన్ని ఖరీదులో కలిపి తరుగుదల తీసుకోకూడదు. ఈ రెండూ చూడకుండా లెక్క కడితే, ఒక పొరపాటును వివరించే లేఖలోనే ఇంకో పొరపాటు బయటపడుతుంది.

సంతకం గురించి కూడా ఒక మాట. పుస్తకాలు రాసే ప్రతివారూ శాఖ ముందు యజమాని తరఫున మాట్లాడటానికి అర్హులు కారు. చార్టర్డ్ అకౌంటెంటు, న్యాయవాది, క్రమబద్ధంగా ఉద్యోగంలో ఉన్న సిబ్బంది వంటివారికి 288 సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. నెలకు రెండు రోజులు వచ్చి పద్దులు రాసి వెళ్లే పార్ట్‌టైమ్ అకౌంటెంటుకు సందేహముంటే, లేఖ తాను రాసినా సంతకం యజమానితో చేయించడమే క్షేమం.

ఆదాయపు పన్ను చట్టం 2025, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. కానీ అంతకుముందు సంవత్సరాలకు, అంటే మన ప్రెస్సు కేసు లాంటి వాటికి, 1961 చట్టమే వర్తిస్తుంది. అందులో ఐటీఆర్-యు వేసే గడువు అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 48 నెలలు. మొదటి పన్నెండు నెలల్లో అదనపు పన్ను 25 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70 శాతం. 2023-24 ఆదాయానికి ఆఖరి గడువు 31 మార్చి 2029. అయితే ఆ సంవత్సరం మీద అసెస్‌మెంట్ ప్రక్రియ మొదలైతే ఆ దారి మూసుకుపోవచ్చు. కాబట్టి మీ రిపేర్ల ఖాతాను మూడేళ్లకు పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. ఏ ఏడాదైనా ఒక్కసారిగా ఉబ్బి ఉంటే, నోటీసు రాకముందే మీ ఆడిటరు దగ్గరికి వెళ్లండి.